39 శాతానికి ఇక్కడ 64, అక్కడ 11

ప్రశ్న: తెలంగాణలో 39 శాతం ఓట్లొచ్చిన పార్టీ అధికారంలోకి వచ్చింది. ఏపీలో అదే 39 శాతం వస్తే 11 సీట్లేనా? ఇదెలా సాధ్యం? దామాషా పద్ధతి ఉంటే ఎలా ఉండేది?

జవాబు:

2024 జూన్ 4న మధ్యాహ్నం గుంటూరు నుంచి మా బావ ఫోన్ చేసి సరిగ్గా ఇదే అడిగారు. "39 శాతం వచ్చి 11 సీట్లేంట్రా, లెక్కలో ఏదో తేడా ఉంది" అన్నారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లో కూర్చుని results.eci.gov.in చూస్తున్నాను. రెండు రాష్ట్రాల అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాకే నాకూ విషయం తెలిసింది.

2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 39.40 శాతం ఓట్లు, 119లో 64 సీట్లు వచ్చాయి. 2024లో ఏపీలో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం ఓట్లు, 175లో 11 సీట్లు వచ్చాయి. ఓట్ల వాటా దాదాపు ఒకటే. తేడా అంతా మిగతా 60 శాతం ఎటు పోయిందన్న దాంట్లో ఉంది.

మన దగ్గర రాష్ట్రం మొత్తం ఓట్లను ఎవరూ కలిపి చూడరు. నియోజకవర్గానికొక విడి పోటీ, అందులో ముందున్నవాళ్లదే సీటు. తెలంగాణలో మిగతా ఓట్లు బీఆర్ఎస్‌కు 37.35, బీజేపీకి 13.90గా చీలాయి. అందుకే చాలాచోట్ల 40 శాతం తెచ్చుకుంటే గెలుపే. ఏపీలో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి, ఒకరి మీద ఒకరు నిలబడలేదు. మూడింటికీ కలిపి 55 శాతం పైనే. ఇప్పుడు ఒక ఊహ చేయండి: ప్రతి నియోజకవర్గంలోనూ ఫలితం అచ్చంగా 55–39 అయితే, 39 వచ్చినవాళ్లకు ఎన్ని సీట్లు? సున్నా. ఆ 11 అయినా కొన్నిచోట్ల వాళ్ల బలం సగటుకన్నా ఎక్కువ ఉండబట్టి వచ్చాయి. ఇది చెప్పాక బావ కాసేపు మాట్లాడలేదు.

రెండో సంగతి, ఓట్లు ఎక్కడ పోగయ్యాయన్నది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది కళ్ల ముందే కనిపిస్తుంది. మజ్లిస్‌కు 2023లో రాష్ట్రవ్యాప్తంగా 2.22 శాతం ఓట్లే, కానీ 7 సీట్లు. పోటీ చేసిందే 9 చోట్ల, ఓట్లన్నీ పాతబస్తీ, దాని చుట్టుపక్కల కుదురుకుని ఉన్నాయి. బీఎస్పీకి 1.37 శాతం వచ్చినా రాష్ట్రమంతా చెదిరిపోయి ఒక్క సీటూ రాలేదు. అయితే ఓట్లు మరీ ఒకేచోట పోగైనా నష్టమే. కుత్బుల్లాపూర్‌లో బీఆర్ఎస్ అభ్యర్థి 85 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అక్కడ ఒక్క ఓటు ఎక్కువున్నా సీటు ఒకటే. మిగిలిన వేల ఓట్లు జిల్లాల్లో కొద్దిలో ఓడినచోట పనికిరావు. కాంగ్రెస్ హైదరాబాద్ జిల్లాలో 15లో ఒక్కటీ గెలవలేదు, అయినా బయటి జిల్లాల బలంతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. కాంగ్రెస్, బీఆర్ఎస్ మధ్య రెండు శాతం ఓట్ల తేడా 25 సీట్ల తేడాగా మారడానికి ఇది ముఖ్యమైన కారణం.

ఇక దామాషా పద్ధతిలో ఓట్ల శాతాన్నే సీట్లకు వర్తింపజేస్తారు. అదే కాగితం మీద లెక్క వేశాను. తెలంగాణలో కాంగ్రెస్‌కు 47, బీఆర్ఎస్‌కు 44, బీజేపీకి 16 లేదా 17, మజ్లిస్‌కు 3 దాకా వచ్చేవి. ప్రభుత్వానికి కావలసిన 60 ఎవరికీ లేదు, కాబట్టి ఫలితాల తర్వాత పొత్తు తప్పదు. ఏపీలో కూటమికి 97 దాకా, వైఎస్సార్‌సీపీకి 69 దాకా. ప్రభుత్వం మారదు కానీ ఎదుటి బెంచీల్లో 11 మంది బదులు 69 మంది కూర్చునేవారు. నా దృష్టిలో ఇది చిన్న తేడా కాదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. జర్మనీలో లాగా కనీసం 5 శాతం రావాలన్న గీత పెడితే మజ్లిస్‌కు ఏమీ రాదు. తెలంగాణలో మిగిలే మూడు పార్టీలకు 52, 49, 18 వస్తాయి. అంటే దామాషా అనగానే చిన్న పార్టీకి మేలని అనుకోకూడదు, గీత ఎక్కడ గీశారో చూడాలి. ఒకేచోట బలమున్న చిన్న పార్టీకి మన పద్ధతే లాభం.

పైగా ఈ లెక్క పడ్డ ఓట్లనే పట్టుకుని వేసింది. పద్ధతి మారితే పొత్తులూ మారతాయి, "గెలవని పార్టీకి ఓటెందుకు" అని ఆగిపోయేవాళ్లూ ఓటేస్తారు. కాబట్టి ఈ అంకెలను జోస్యంగా తీసుకోకండి.

బావ చివరికి అడిగింది వేరే: "మరి మా డ్రైనేజీ గురించి ఎవరి దగ్గరికి వెళ్లాలి?" పూర్తిగా పార్టీ జాబితాతోనే ఎన్నుకుంటే నియోజకవర్గ ఎమ్మెల్యే అంటూ ఉండరు. అందుకే నేపాల్‌లో 275 సీట్లలో 165 నేరుగా గెలిచేవి, 110 దామాషావి. ఓటరుకు రెండు బ్యాలెట్లు ఇస్తారు, ఒకటి స్థానిక అభ్యర్థికి, ఇంకొకటి పార్టీకి.