గది ఇచ్చినాయన సంతకం చేయనంటే?

ప్రశ్న: బెర్లిన్‌లో ఉద్యోగంలో చేరి నెలన్నర అయింది. ఒక తెలుగాయన అద్దెకున్న ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. సొంత తమ్ముడిలా చూసుకుంటానన్నాడు. అద్దె చేతికే ఇస్తున్నాను. అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి సంతకం అడిగితే ఓనర్‌తో గొడవవుతుందంటున్నాడు. ఆ రిజిస్ట్రేషన్ లేక ట్యాక్స్ నంబర్ రాలేదు, దాంతో జీతంలో పెద్ద కోత పడింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డబ్బిస్తే వేరే అడ్రస్ ఇస్తామని ఒకరు అంటున్నారు. ఇవ్వమంటారా? ప్రస్తుతానికి స్నేహితుడి నెల పాస్, డాయిచ్‌లాండ్ టికెట్ మీద తిరుగుతున్నాను.

జవాబు: మీకు గది ఇచ్చింది ఎవరన్నదే అసలు విషయం. జర్మనీ రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంతకం ఓనరే చేయనక్కర్లేదు. తాను అద్దెకుంటూ మీకు గది ఇచ్చిన ఆయనే ‘వోనుంగ్స్‌గేబర్’, అంటే సంతకం చేయాల్సిన మనిషి. ఓనర్ అనుమతి తీసుకోకపోవడం వాళ్లిద్దరి తగువు. దాన్ని చూపి ఆయన తప్పించుకోలేడు. అయితే ఆ తగువు ముదిరితే మీ గది కూడా పోవచ్చు కాబట్టి వేరే గది ఇప్పటినుంచే వెతకండి.

తప్పు మీ వైపూ ఉంది. గదిలో దిగిన రెండు వారాల్లో రిజిస్టర్ కావాలి. సంతకం దొరక్కపోతే ఆ సంగతి వెంటనే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు చెప్పాల్సింది మీరేనని అదే సెక్షన్ అంటోంది. నెలన్నర నోరు మెదపలేదు, పైగా రసీదు లేకుండా అద్దె కట్టారు. అక్కడ ఉంటున్నారని రుజువేది?

ఈ నెల నుంచి అద్దె బ్యాంకు ద్వారా పంపండి, వివరాల్లో నెల, అడ్రస్ రాయండి. సంతకం కోరుతూ గడువు పెట్టి ఆయనకు మెసేజ్ పంపి, జవాబుతో సహా దాచుకోండి. ఆ గడువు దాకా ఆగకుండా బెర్లిన్‌లో ఏ బ్యుర్గరామ్ట్‌లో, అంటే రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసులో, దొరికితే అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆయన ఇవ్వనంటున్నాడని పేరు, అడ్రస్‌లతో వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. జరిమానా మాట వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

జీతం విషయంలోనూ అదే పనికొస్తుంది. నంబర్ లేకపోతే కంపెనీ అన్నిటికన్నా ఎక్కువ కోత పడే ఆరో ట్యాక్స్ క్లాసు కింద పన్ను కోస్తుంది. ఆలస్యంలో ఉద్యోగి తప్పు లేదంటే మాత్రం, మూడు నెలల దాకా మీకు వర్తించే క్లాసే వాడొచ్చు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రాసిన ఉత్తరం కాపీని పేరోల్ వాళ్లకు చూపించి అడగండి. ఒప్పుకోకపోయినా, ఎక్కువగా కోసింది ఆ ఏడాది రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. దానికి ఏడాది ముగిశాక నాలుగేళ్ల గడువుంది. రిజిస్టర్ అయ్యాక 11 అంకెల నంబర్ పోస్టులోనే వస్తుంది. పోస్టుబాక్స్ మీద మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పేరు చీటీ ఇవాళే అంటించండి.

కొన్న అడ్రస్ జోలికి మాత్రం పోవద్దు. నివసించని చోటు రిజిస్ట్రేషన్‌కి ఇచ్చేవాడికి 50,000 యూరోల దాకా జరిమానా ఉంది. వాడు పట్టుబడితే మీ పేరూ బయటికొస్తుంది. ఈలోగా ట్యాక్స్ ఉత్తరం, వీసా ఆఫీసు ఉత్తరాలు అన్నీ వాడి గుమ్మానికే చేరతాయి.

పాస్ స్నేహితుడికి ఇచ్చేయండి. డాయిచ్‌లాండ్ టికెట్ పేరున్న వ్యక్తికే చెల్లుతుంది. ఇంకొకరు వాడితే టికెట్ లేనట్టే లెక్క, 60 యూరోలు కట్టాలి. మీ పేరున తీసుకోవడానికి ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చెకింగ్‌లో పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. వద్దనుకుంటే నెల పదో తేదీలోపు రద్దు చేసుకోవచ్చు.