వాచీ ముందుకు పరుగెడుతుంటే ముందు అయస్కాంతాన్ని అనుమానించు

చిరంజీవి శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

మీ నాన్న హెచ్.ఎం.టి. జనతా వాచీ ఉన్నట్టుండి రోజుకు ఎనిమిది నిమిషాలు ముందుకు పోతోందనీ, వెనక మూత తీయించి లోపలి మీటను నెమ్మది వైపు జరిపించమంటావా అనీ అడిగావు. ఆ మీటను ఇప్పుడే ముట్టుకోనివ్వకు.

ఆ వాచీ సెకనుకు ఐదు టిక్కులు కొడుతుంది. రోజు మొత్తానికి 4,32,000. వాటిలో 300 ఎక్కువైతే ఒక నిమిషం ముందుకు పోయినట్టు. అంత పాత వాచీ రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే నేను పట్టించుకోను. కానీ నిన్నటిదాకా సరిగ్గా నడిచినది ఒక్కసారిగా ఎనిమిది నిమిషాలు పరుగెడితే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్నే. ఎందుకో చెబుతాను.

టిక్కుల వేగం, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం మీద ఉండే హెయిర్ స్ప్రింగ్ చేతిలో ఉంటుంది. వెంట్రుక లాంటి ఆ సన్నని తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఏ చుట్టా పక్క చుట్టను తాకకూడదు. అయస్కాంతం సోకితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు పనిచేసే తీగ పొడవు తగ్గుతుంది. పొడవు తగ్గిన స్ప్రింగ్ గట్టిపడి చక్రాన్ని త్వరత్వరగా వెనక్కి లాగుతుంది. అయస్కాంతం తగిలిన వాచీ ఎక్కువగా ముందుకే పోవడానికి కారణం ఇదే. రాత్రిళ్లు దాన్ని బ్లూటూత్ స్పీకర్ మీద పెడుతున్నానని నువ్వే రాశావు. స్పీకర్, టాబ్లెట్ కవర్, హ్యాండ్‌బ్యాగ్ బొత్తం, వీటన్నిటిలోనూ అయస్కాంతం ఉంటుంది. ఆనించి పెడితేనే ప్రమాదం. జానెడు దూరంలో వాటి బలం బాగా తగ్గిపోతుంది.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ముల్లున్న దిక్సూచిని బల్ల మీద ఉంచి, వాచీని దాని పక్కన నెమ్మదిగా తిప్పు. ముల్లు వాచీ వైపు కాస్త లాగబడితే కంగారుపడకు. లోపల ఉక్కు ఉంది కాబట్టి అది మామూలే. వాచీ ఒక వైపు ముల్లు కొనను దగ్గరకు లాగి, మరో వైపు అదే కొనను దూరంగా నెట్టిందా, అయస్కాంతం పట్టినట్టే. ఉత్త ఉక్కు లాగుతుందే గానీ నెట్టదు.

విరుగుడుకు ఐదు నిమిషాలు చాలు. వాచీ మెకానిక్ దగ్గర డీమాగ్నెటైజర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. దాని మీద వాచీ పెట్టి, మీట నొక్కి, నొక్కి ఉంచుతూనే వాచీని నిదానంగా చేయి చాచినంత దూరం తీసుకెళ్లి అప్పుడు వదలాలి. వాచీ దగ్గరగా ఉండగానే మీట వదిలేస్తే అయస్కాంతం అలాగే మిగిలిపోవచ్చు. పక్కన నిలబడి చూడు. ఈ పని చేయకుండా వాచీ లోపలి మీట జరిపిస్తే అప్పటికి టైము సరిపోయినట్టే ఉంటుంది. తర్వాత అయస్కాంతం పోయిన రోజున వాచీ నిమిషాలకు నిమిషాలు వెనకబడుతుంది. అందుకే మీట సర్దడం ఎప్పుడూ ఆఖరి పనే.

అయస్కాంతం తీసినా పరుగు ఆగకపోతే, దెబ్బ తగిలి ఒక చుట్ట ఇరుక్కుని ఉండాలి, లేదా నూనె చేరి చుట్టలు అతుక్కుని ఉండాలి. అప్పుడు మూత తీయాల్సిందే.

సర్వీసింగ్ సంగతి వేరు. లోపలి నూనె ఎండిపోయే కొద్దీ రాపిడి పెరిగి చక్రం ఊపు తగ్గుతుంది. అది ఒక్క రాత్రిలో రాదు, నెలల తరబడి మెల్లగా వస్తుంది. ఉదయం కీ ఇచ్చినప్పుడు బాగా నడిచి, సాయంత్రానికి టైము మారడం దాని గుర్తు. నిండా కీ ఇస్తే మర్నాటి ఉదయం దాకా నడవాల్సిన వాచీ రాత్రికే ఆగిపోవడం ఇంకా స్పష్టమైన గుర్తు. డయల్ పైకి ఉంచినప్పుడు ఒక టైము, నిలబెట్టినప్పుడు బాగా వేరే టైము చూపినా అనుమానించు. రోజూ పెట్టుకునే వాచీకి నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ చేయిస్తే చాలు. అద్దం లోపల ఆవిరి కనబడితే మాత్రం ఆ రోజే తీసుకెళ్లు, తుప్పు ఆగదు. సర్వీసింగ్ అంటే భాగాలన్నీ విప్పి, కడిగి, కొత్త నూనె పెట్టడం. మూత తీసి పైన రెండు చుక్కలు వేస్తానంటే ఒప్పుకోకు. పాత మురికితో కలిసి ఆ నూనె బంకలా తయారై పళ్లచక్రాలను అరగదీస్తుంది.

అయస్కాంతం తీయించాక ఐదు రోజులు ఒకే వేళకు నిండా కీ ఇచ్చి, ఫోనులోని టైముతో తేడా రాసుకో. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. ఐదు రోజులూ తేడా ఒకేలా ఉంటే మీట కొద్దిగా జరిపిస్తే సరిపోతుంది. రోజుకో రకంగా ఉంటే సర్వీసింగ్‌కు ఇవ్వాలి. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను.

మీ బాబాయి