సర్ది ఎన్నో రోజు?

హన్మకొండ,
శుక్రవారం రాత్రి

బిడ్డా,

నీ మెసేజ్ చదివిన. అల్లునికి ఆకుపచ్చ చీమిడి వస్తున్నది, వంగితే రెండు బుగ్గల్లో సలుపుతున్నది, మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ 500 గోలీలు మూడు, ముక్కులో వేసుకునే చుక్కల సీసా ఒకటి ఇచ్చిండ్రు అని రాసినవ్. గోలీలు వేయాలా, సైనస్‌కు స్కాన్ తీయించాలా అని అడిగినవ్. ఇంకా గోలీలు మొదలుపెట్టలేదు కాబట్టి వాటిని పక్కన పెట్టు. ఎందుకు పెట్టమంటున్ననో కొంచెం ఓపికగా చదువు. ఈ చలికాలం అయ్యేలోపు మీ ఇంట్లో ఇంకొకరికైనా ఇదే ప్రశ్న వస్తది.

ముందు రంగు సంగతి. చీమిడి ఆకుపచ్చగా మారిందంటే బ్యాక్టీరియా పట్టిందని చానామంది అనుకుంటరు, కొందరు డాక్టర్లు కూడా అదే చెప్తరు. ఆ రంగు బ్యాక్టీరియాది కాదు, మన తెల్ల రక్తకణాలది. సర్ది వైరస్ ముక్కు లోపలి పొరను దెబ్బతీస్తే తెల్లకణాలు గుంపుగా వస్తయి. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటది. దానిలో ఇనుము ఉంటది, ఆ ఎంజైమ్ రంగే ఆకుపచ్చ. కణాలు ఎక్కువైతే, చీమిడి కదలక నిలిచి చిక్కబడితే, రంగు ముదురుతది. అందుకే పొద్దున లేవంగనే దస్తీలో ముదురు ఆకుపచ్చగా కనపడ్డది మధ్యాహ్నానికి పలచబడి లేత పసుపు అయితది. మామూలు సర్దిలోనే నీళ్లలాగా మొదలై, మూడో నాలుగో రోజుకు పసుపుగానో ఆకుపచ్చగానో చిక్కబడి, మళ్లీ తేటబడి పోతది. ఆ ఆకుపచ్చ దశ వైరస్ సర్దికి సహజమైన నడిమి మజిలీ.

బుగ్గల నొప్పి కూడా అంతే. బుగ్గ ఎముక లోపల ఉన్న సైనస్ గదికి బయటికి దారి అడుగున ఉండదు, పైన ముక్కు వైపు ఉంటది. నీళ్ల ట్యాంకుకు పైపు అడుగున కాకుండా పైన బిగించినట్టు. లోపలి చీమిడిని సన్నని వెంట్రుకల్లాంటివి పైకి నెట్టుకుంటూ తీసుకపోవాలె. సర్దికి ఆ సన్నదారి వాస్తది, గది నిండుతది, ఒత్తిడి పెరుగుతది, వంగితే బరువు తెలుస్తది. దీనికి వైరస్ ఒక్కటే చాలు. స్కాన్ కూడా వద్దు అనేది ఇందుకే. 1994లో అమెరికాలో మామూలు సర్ది పట్టిన 31 మందికి సీటీ తీసి చూస్తే 87 శాతం మందికి సైనస్‌లలో మార్పులు కనపడ్డయి, యాంటీబయాటిక్ లేకుండానే చానామందికి అవి తగ్గిపోయినయి. అంటే ఇప్పుడు అల్లునికి తీయిస్తే ‘సైనసైటిస్’ అని రిపోర్టు రావడం దాదాపు ఖాయం. అది వైరస్‌దా బ్యాక్టీరియాదా అన్నది మాత్రం ఆ ఫిలిం చెప్పలేదు.

మరి చెప్పేది ఏందంటే, క్యాలెండర్. పెద్దవాళ్ల సర్దుల్లో నూటికి ఒకటి రెండు మాత్రమే బ్యాక్టీరియా సైనస్‌గా మారుతయి. ఆ ఒకటి రెండిటిని పట్టుకోవడానికి మేం డాక్టర్లం చూసేది మూడు నడకలు. మొదటిది, పది రోజులు నిండినా ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోవడం. ఇక్కడ ‘తగ్గుముఖం’ అన్నమాట ముఖ్యం. పదో రోజున కొంచెం చీమిడి, కొంచెం దగ్గు మిగిలి ఉన్నా మొత్తం మీద నెమ్మదిస్తున్నదంటే అది సర్ది తోకే. రెండోది, ఎదురు తిరగడం. ఐదారు రోజులకు తేరుకుంటున్నడు అనుకునేలోపు మళ్లీ జ్వరం, తలనొప్పి, చీమిడి ఎక్కువ కావడం. మూడోది, మొదటి నుంచే తీవ్రంగా ఉండడం. 102 డిగ్రీలు, ఆ పైన జ్వరం, దాంతోపాటు చీములాంటి చీమిడి గానీ ముఖం నొప్పి గానీ, వరుసగా మూడు నాలుగు రోజులు. వైరస్ జ్వరం సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చిపోతది. ముక్కు బాధ ముదిరేటప్పటికి జ్వరం ఉండదు. రెండూ కలిసి నిలబడితేనే అనుమానం.

ఇప్పుడు అల్లుని లెక్క వేద్దాం. నువ్వు రాసిన దాన్ని బట్టి ఆదివారం గొంతు గరగర. సోమవారం తుమ్ములు, నీళ్లు కారడం. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల మధ్య ఉంటడు కాబట్టి ఆ ఘాటే అనుకున్నడు. మంగళవారం ఒళ్లునొప్పులు, జ్వరం 100. బుధవారానికి జ్వరం లేదు. గురువారం చీమిడి పసుపు, ఈరోజు ఆకుపచ్చ, రెండు బుగ్గల్లో బరువు. ఆదివారాన్ని ఒకటిగా లెక్కపెడితే ఇది ఆరో రోజు. పది నిండలేదు, ఎదురు తిరగలేదు, 102 ఒక్కరోజైనా రాలేదు. మూడిట్లో ఏదీ కాదు. ఇది వైరస్ సర్ది. అజిత్రోమైసిన్ వైరస్ మీద పనిచెయ్యది. రేపు నిజంగా బ్యాక్టీరియా పట్టినా అది సరైన మందు కాదు. సైనస్‌లో ముందుగా అనుమానించాల్సిన న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా ఆ మందుకు చానాచోట్ల లొంగడం మానేసింది. ఒకవేళ మూడు గోలీలు వేసి సోమవారానికి తగ్గితే, గోలీతోనే తగ్గిందని నమ్ముతరు. ఆ రోజుకు సర్ది తగ్గే వేళ ఎట్లాగూ వస్తది. వచ్చేసారి సర్దికి మళ్లీ అదే చీటీ పట్టుకొని పోతరు.

నొప్పికి పారాసిటమాల్ 650 ఇవ్వు, ఆరు గంటలు ఎడం పెట్టి, రోజుకు నాలుగు మించకుండా. లివర్ జబ్బు ఉన్నా, మందు తాగే అలవాటు ఉన్నా అంత వద్దు. ముక్కు చుక్కలు రాత్రి నిద్ర కోసం వాడుకోవచ్చు గానీ మూడు రోజుల దగ్గర ఆపాలె. అంతకు మించితే చుక్కల పని అయిపోగానే ముక్కు ముందుకంటే గట్టిగా బిగుసుకుంటది. దానికి మళ్లీ చుక్కలు వేస్తరు. నెలల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకొని తిరిగేవాళ్లు అట్లనే తయారైతరు.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. పావులీటరు నీళ్లు తెర్లుతుండంగ ఒక నిమిషం పూర్తిగా మరగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చు. పిల్లల టానిక్‌తో వచ్చే 5 ఎంఎల్ చెంచాతో అర చెంచాకు కొంచెం తక్కువ మెత్తటి ఉప్పు, చిటికెడు తినే సోడా కలుపు. సోడా లేకపోతే ముక్కు మండుతది, అంతకు మించి నష్టం లేదు. మెడికల్ షాపులో దీనికోసమే పొడి ప్యాకెట్లు, మెత్తటి సీసా దొరుకుతయి, అవైతే కొలత తప్పదు. వాష్‌బేసిన్ మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకుంటూ పై ముక్కురంధ్రంలో పోస్తే కింది దాంట్లోంచి వస్తది. పొద్దున, రాత్రి చాలు. నల్లా నీళ్లు, క్యాన్ నీళ్లు మరగబెట్టకుండా వాడొద్దు. మెదడును తినే అమీబా అని పేపర్లలో చదివినవ్ కదా, అది నీళ్లు తాగితే రాదు, ముక్కులోకి పోతేనే వస్తది. చానా అరుదు, వస్తే మాత్రం బతకడం కష్టం. కడిగినాక గట్టిగా చీదొద్దని అల్లునికి చెప్పు. రెండు రంధ్రాలూ మూసి బలంగా చీదితే ఆ ఒత్తిడికి చీమిడి సైనస్‌లోకే వెనక్కి పోతది, చెవులు కూడా దిబ్బడ వేస్తయి. ఒక్కో వైపు, మెల్లగా. ఆవిరి పట్టుకుంటే హాయిగా ఉంటదంటే పట్టుకోనీ, కానీ పిల్లలు తిరిగే చోట మరిగే గిన్నె పెట్టకు.

ఇప్పుడు మంగళవారం దాటి బుధవారం పొద్దున కూడా ఇట్లనే ఉందనుకో, లేదా నడుమ తేరుకొని మళ్లీ జ్వరం వచ్చిందనుకో, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించు. అప్పుడు కూడా వెంటనే యాంటీబయాటిక్ రాయకుండా కొన్ని రోజులు చూద్దాం అంటే ఆ డాక్టర్ మీద అనుమానపడకు. బ్యాక్టీరియా సైనస్ కూడా చానావరకు దానంతటదే తగ్గుతది. మందు రాస్తే సాధారణంగా అమాక్సిసిలిన్, లేదా దాంట్లో క్లావులనేట్ కలిసినది, ఐదు నుంచి ఏడు రోజులు. అన్నం మొదట్లో వేసుకుంటే కడుపు తక్కువ గడబిడ చేస్తది. పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పాలె. మొదలుపెట్టిన మూడో రోజుకు కూడా తేడా లేకపోతే మళ్లీ పోవాలె, షాపులో మందు మార్చుకోవద్దు.

ఒక పక్కనే నొప్పి, ఒక పక్కనే చీమిడి, దానికి కుళ్లు వాసన ఉంటే మాత్రం పళ్లు చూపించు. పై దవడ పళ్ల వేర్లు సైనస్ అడుగుకు ఆనుకొని ఉంటయి. పుచ్చు పన్ను చీము అందులోకి దిగితే ఎన్ని కోర్సులు మింగినా పన్ను సంగతి తేల్చేదాకా తగ్గది. పిల్లల్లో ఇదే లక్షణం కనపడితే ముక్కులో చింతగింజో పూసో ఇరుక్కున్నదేమో చూడాలె. ఇక చీమిడే లేకుండా నెలకు రెండుసార్లు నుదురు, బుగ్గ నొప్పి వచ్చి, వెలుతురు పడక, వికారంగా ఉంటదంటే అది ఎక్కువసార్లు మైగ్రేన్. సైనస్ అని ఏళ్లకేళ్లు తిరుగుతరు, పాపం.

పై క్యాలెండర్ లెక్క మీ అత్తమ్మకు మాత్రం వర్తించదు. ఆమెకు షుగర్ ఉంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లే. ఆమెకు ముఖం నొప్పితో పాటు బుగ్గ తిమ్మిరెక్కినా, ముక్కులోగానీ అంగిలి మీదగానీ నల్లటి పొక్కు కనపడ్డా, కన్ను వాచినా ఆ గంటలోనే ఎంజీఎం దవాఖానకు తీసుకపో. తెల్లారనిద్దాం అనుకోవద్దు. అల్లునికైనా, ఎవరికైనా, కనురెప్ప వాచి ఎర్రబడ్డా, ఒక్కటి రెండుగా కనపడ్డా, చూపు మసకబారినా, నుదురు మీద మెత్తగా ఉబ్బినా, మెడ వంగకుండా తలనొప్పితో మత్తుగా ఉన్నా అది ఎన్నో రోజు అని చూడకు. సైనస్‌కూ కంటికీ నడుమ ఉన్న ఎముక కాగితమంత పలుచన. చీము దాన్ని దాటితే గంటలే లెక్క.

గోడ మీద క్యాలెండర్‌లో ఆదివారం నుంచి గీతలు పెట్టు. రోజూ సాయంత్రం థర్మామీటర్ పెట్టి అంకె పక్కనే రాయి. పారాసిటమాల్ వేసినాక చూస్తే జ్వరం కనపడది, వేసే ముందే చూడు. బుధవారం పొద్దున ఆ అంకెలు ఫోటో తీసి పంపు.

మీ పెద్దబాపు