టాబ్లోలో మూసుకోని కొమ్మ

ప్రశ్న: ప్రెడికేట్ లాజిక్ టాబ్లోలో కొన్ని కొమ్మలు ఎంత పెంచినా మూసుకోవడం లేదు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

మీ తప్పేమీ లేదు. `∀x∃y R(x,y)` తీసుకోండి. x స్థానంలో a పెడితే `∃y R(a,y)` వస్తుంది. ∃ నియమం ప్రకారం కొమ్మలో అప్పటిదాకా లేని పేరే వాడాలి, కాబట్టి `R(a,b)`. ∀ సూత్రం ఒకసారి వాడితే తీరిపోయేది కాదు. కొత్తగా వచ్చిన b కి కూడా వర్తింపజేయాలి. అప్పుడు `R(b,c)`, ఆ తర్వాత `R(c,d)`... దీనికి అంతం లేదు. సూత్రంలో ¬ ఎక్కడా లేదు కనుక కొమ్మను మూసే వైరుధ్యమూ రాదు.

ఈ అనంతమైన కొమ్మే ఒక నమూనా. a, b, c లను 0, 1, 2 అనుకుని, `R(x,y)` ని `y = x+1` అని చదవండి, సూత్రం నిజమవుతుంది. అసలు `R(a,a)` ఉన్న ఒకే వస్తువు చాలు, కానీ కొత్త పేరు నియమం ఆ చిన్న నమూనాను చేరనివ్వదు.

ఇక్కడ పునరావృతం కంటికి కనిపిస్తోంది. ఏ సూత్రానికైనా కొమ్మలు మూసుకుంటాయో లేదో ముందే తేల్చే సాధారణ పద్ధతి మాత్రం ఉండదు. చర్చ్, ట్యూరింగ్ 1936లో విడివిడిగా ప్రచురించిన ఫలితాల సారం ఇదే.