రోమన్ రోడ్డు గుట్టు పక్క కాలువలో ఉంది

"రోమన్లు వేసిన రోడ్లు రెండు వేల ఏళ్లయినా చెక్కుచెదరలేదంటారు. నాలుగు పొరలు వేసి ఏదో ప్రత్యేకమైన సున్నం కలిపేవాళ్లని చదివాను. మా ఊరి రోడ్డు రెండు వానలకే పోతోంది. వాళ్లు అంత గట్టిగా ఎలా వేశారు?"

ముందు ఆ నాలుగు పొరల బొమ్మ సంగతి తేల్చేద్దాం. అడుగున స్టాట్యుమెన్, దానిపైన రూడస్, ఆపైన న్యూక్లియస్, అన్నిటికీ మీద బండలు. పాఠ్యపుస్తకాల నుంచి వాట్సాప్ దాకా తిరిగే బొమ్మే ఇది. చిక్కేమిటంటే ఆ పేర్లు రోడ్డువి కావు. క్రీ.పూ. మొదటి శతాబ్దపు ఇంజనీరు విట్రూవియస్ ఇళ్లలో గచ్చు ఎలా చేయాలో చెబుతూ వాడిన మాటలవి. పిడికిలికి తగ్గని రాళ్లు పరవాలి, మూడు పాళ్ల కంకరకి ఒక పాలు సున్నం కలిపి ముప్పావు అడుగు మందం వచ్చేదాకా దిమ్మిస కొట్టాలి, దాని మీద మూడు పాళ్ల పెంకుల పొడికి ఒక పాలు సున్నం వేయాలి అన్నాడు. 1622లో నికొలా బెర్జియే అనే ఫ్రెంచి పండితుడు ఆ గచ్చు లెక్కను తీసుకొచ్చి రోడ్లకు అంటగట్టాడు. నాలుగు వందల ఏళ్లుగా అందరూ దాన్నే కాపీ కొడుతున్నారు.

తవ్వి చూస్తే చాలా చోట్ల సున్నం జాడే ఉండదు. మట్టి, రాళ్లు, గులక, ఇసుక, అంతే. పొరలు ఒకచోట రెండే ఉంటాయి, ఇంకోచోట ఆరు ఉంటాయి. కింద నేల ఎలా ఉంటే దానికి తగ్గట్టు వేశారు. ఇక సముద్రపు నీళ్లలో గట్టిపడే రోమన్ కాంక్రీటు అంటూ తిరిగే ఫార్వర్డులు ఓడరేవుల కట్టడాల గురించినవి. రోడ్డుకి దానితో పనే లేదు. బండలు పరిచిన రోడ్లు కూడా మొత్తంలో కొన్నే. ఊళ్ల దగ్గరా, ఇటలీలోని ముఖ్యమైన దారుల్లోనూ బండలుంటాయి. మిగతా సామ్రాజ్యమంతా నడిచింది గులకరోడ్ల మీదే.

అన్నిటికన్నా పేరున్న అప్పియా రోడ్డునే తీసుకోండి. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే అధికారి రోమ్ నుంచి కాపువా అనే ఊరి దాకా దీన్ని మొదలుపెట్టించాడు. అప్పుడు పైన పరిచింది గులకే. బండలు తర్వాత ముక్కలు ముక్కలుగా, నిధులు దొరికినప్పుడల్లా పడ్డాయి. వెడల్పు సుమారు 14 రోమన్ అడుగులు, అంటే 4.1 మీటర్లు. ఎదురెదురుగా రెండు బళ్లు ఒరుసుకోకుండా పోవడానికి సరిపోతుంది.

రోమ్ దగ్గరి భాగంలో పైనున్నవి నల్లటి బసాల్టు బండలు. ఇవి చతురస్రాలు కావు, అయిదారు మూలలున్న పలకలు. పైన చదునుగా ఉంటాయి, అడుగుకు వచ్చేసరికి దవడ పన్నులా సన్నబడతాయి. ఆ మొనను గులక, ఇసుక పరుపులోకి దించి, పక్క బండకు ఆనించి బిగిస్తారు. మధ్యలో సున్నం లేదు. ఇరుపక్కలా అంచురాళ్లు నిలబెట్టి, బండలు పక్కకు జారకుండా వాటితో పట్టి ఉంచుతారు. ఆ అంచురాయి ఊడితే చివరి బండ కదులుతుంది, దాని వెనకాలే పక్కది కదులుతుంది. ఆరో శతాబ్దంలో ఈ దారిని చూసిన చరిత్రకారుడు ప్రొకోపియస్ కూడా బండలు ఏమీ అంటించకుండానే ఒకే రాయిలా కలిసిపోయాయని రాశాడు. ఇప్పుడు వెళ్లేవాళ్లకి కనిపించే ఎగుడుదిగుడులు, సందులు చూసి రోమన్ల బళ్లు ఇలాగే ఎగిరెగిరి పడేవనుకోకండి. సందుల్లో పోసింది కొట్టుకుపోయాక మిగిలిన రూపం అది.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. రోమ్ నుంచి బయటికి వచ్చాక అప్పియా రోడ్డు కొన్ని కిలోమీటర్లు పాతకాలపు లావా ప్రవాహం వెన్ను మీదే నడుస్తుంది. పునాది రాతిదే, బండలు కొట్టిన క్వారీలూ ఆ పక్కనే. అలాంటి చోట ఎవరు వేసినా నిలుస్తుంది. పనితనం తెలియాలంటే బురదలో ఏం చేశారో చూడాలి.

అంతకుముందు సర్వే గురించి రెండు ముక్కలు. వాళ్ల ముఖ్యమైన పనిముట్టు గ్రోమా. ఒక కర్ర మీద అడ్డంగా కూడిక గుర్తులాంటి చట్రం, దాని నాలుగు చివర్లా గుండు కట్టిన నాలుగు దారాలు. రెండు దారాలు కంటికి ఒకటిగా కనబడేలా చూస్తూ దూరంగా గడకర్రలు పాతిస్తారు. గాలి వీస్తే గుండ్లు ఊగుతాయి, లైను తప్పుతుంది. మట్టం చూడటానికి 20 అడుగుల చెక్కబల్ల. దానికీ గుండ్లు వేలాడతాయి, గాలి ఎక్కువైతే బల్ల పైన తొలిచిన గాడిలో నీళ్లు పోసి చూస్తారు. మన మేస్త్రి రసమట్టం చేసే పనే.

మధ్యలో గుట్ట అడ్డొచ్చి ఒక చివర నుంచి ఇంకో చివర కనబడకపోతే? సివిల్ డిప్లొమా చదివినవాళ్లకి గొలుసు సర్వేలో చెప్పే కిటుకే. గుట్ట మీద ఇద్దరు నిలబడతారు. మొదటివాడికి రెండోవాడూ, వాడి వెనకున్న చివరా కనబడాలి. రెండోవాడికి మొదటివాడూ, అవతలి చివరా కనబడాలి. నువ్వు కాస్త జరుగు, నువ్వు కాస్త జరుగు అని ఒకర్నొకరు సర్దుకుంటూ పోతే, నాలుగైదు సార్లకి ఇద్దరూ ఒకే గీత మీదికి వస్తారు. రోమన్ రోడ్డు వంపు తిరిగితే ఆ వంపు చాలాసార్లు గుట్ట నెత్తిన ఉండేది ఇందుకే. చూపు మారేది అక్కడే కదా. అప్పియా రోడ్డయితే రోమ్ నుంచి సముద్రం ఒడ్డునున్న టెర్రాచినా ఊరి దాకా దాదాపు 90 కిలోమీటర్లు ఇంచుమించు ఒకే గీత. ఆ గీతకు అడ్డంగా పోంటైన్ బురదనేల ఉంది.

ఈ నేల దిగువ, దాదాపు బల్లపరుపు. ఒకవైపు కొండల నుంచి ఊటలు దిగుతాయి, ఇంకోవైపు సముద్రం ఒడ్డున ఇసుకదిబ్బలు నీటిని పోనివ్వవు. కొన్నిచోట్ల నేల సముద్రమట్టానికి కూడా కిందే. ఇక్కడ ఎంత మందం రాయి పరిచినా లాభం లేదు. తడిసిన బంకమట్టి బరువు మోయదు, పక్కకి ఉబుకుతుంది. రాయి దిగబడుతుంది, దాని సందుల్లోంచి బురద పైకి వస్తుంది. అందుకే రోమన్లు రోడ్డును కట్ట మీద ఎత్తి, పక్కనే కాలువ తవ్వి పెట్టారు. 19 రోమన్ మైళ్లు, అంటే 28 కిలోమీటర్లు. పేరు కూడా డెసెన్నోవియమ్, పందొమ్మిది మైళ్లది అని. కాలువ నీటిమట్టాన్ని దించుతుంది, కట్ట రోడ్డును ఆ మట్టం నుంచి దూరంగా ఉంచుతుంది. పైన వంపు ఉంటుంది గనక వాన నీళ్లు నిలవవు. మన రూల్స్ ప్రకారం గులకరోడ్డుకి వాలు రెండున్నర నుంచి మూడు శాతం. ఆ లెక్కన 4.1 మీటర్ల రోడ్డుకి నడిమధ్య అంచులకన్నా అయిదారు సెంటీమీటర్లు ఎత్తుంటే చాలు. మెత్తటి నేలల్లో ఇంకో ఉపాయం కూడా ఉండేది. దుంగలు, కట్టెపుల్లల మోపులు అడ్డంగా పరిచి వాటి మీద కట్ట పోసేవాళ్లు. ఎప్పుడూ తడిగా, గాలి తగలకుండా ఉంటే ఆ కట్టె కుళ్లదు.

ఆ కాలువలో పడవలు కూడా నడిచేవి. క్రీ.పూ. 37లో హొరేస్ అనే కవి రాత్రిపూట కంచరగాడిద లాగే పడవెక్కాడు. దోమలకీ కప్పలకీ నిద్ర పట్టలేదు, తీరా పడవవాడు గాడిదను రాయికి కట్టేసి తను గుర్రు పెట్టి పడుకున్నాడట.

ఇక్కడి నుంచి జరిగింది చూడండి. ఈ భాగానికి బండలు పరిచే పని నెర్వా చక్రవర్తి మొదలుపెట్టాడు, ట్రాజన్ పూర్తిచేశాడు. అయినా తర్వాత కాలువ పూడిక తీసేవాళ్లు లేక నీళ్లు తిరిగొచ్చి రోడ్డు మునిగింది. క్రీ.శ. అయిదు వందల చిల్లర సంవత్సరంలో థియోడొరిక్ రాజు కాలంలో డెసియస్ అనే పెద్దాయన నీళ్లు తోడించి దారి తెరుస్తానని ముందుకొచ్చాడు. ఆరబెట్టిన భూమిని పన్ను లేకుండా ఆయనకే ఇచ్చేట్టు ఒప్పందం. ఆ శాసనం టెర్రాచినాలో ఉంది. ఆ తర్వాత మళ్లీ పూడింది, జనం కొండవార దారి పట్టారు. 1777 నుంచి పోప్ ఆరో పయస్ కాలువలు తవ్వించాకే అదే గీత మీద మళ్లీ బళ్లు నడిచాయి. బండలు మాత్రం అన్ని శతాబ్దాలూ అక్కడే ఉన్నాయి. కాలువ పోయినప్పుడల్లా రోడ్డు పోయింది, కాలువ తవ్వినప్పుడల్లా రోడ్డు వచ్చింది.

"ఒకసారి వేశారు, రెండు వేల ఏళ్లు నిలిచింది" అనే మాట కూడా అబద్ధమే. క్రీ.శ. 123లో హేడ్రియన్ చక్రవర్తి బెనెవెంటమ్ అనే ఊరి అవతల అప్పియా రోడ్డును 15.75 మైళ్లు బాగుచేయించాడు. శాసనంలో లెక్క ఉంది. ఆయన ఇచ్చింది 11,47,000 సెస్టెర్సులనే రోమన్ నాణేలు, ఆ పక్క భూముల వాళ్ల దగ్గర వసూలు చేసింది 5,69,100. మైలుకి సుమారు 1,09,000 పడింది. రోడ్డు పక్కన భూములున్నవాళ్లే మూడోవంతు కట్టారన్నమాట. మన దగ్గర అడిగి చూడండి, ధర్నా అవుతుంది.

ఇక మీ ఊరి రోడ్డుతో పోలిక. పోల్చేముందు బరువు చూడాలి. నాలుగో శతాబ్దపు రోమన్ చట్టం ప్రభుత్వ రవాణాలో ఎద్దుబండికి 1,500 రోమన్ పౌండ్లు మించకూడదంది, అంటే దాదాపు 490 కిలోలు. బండి బరువు కూడా కలిపి టన్ను అనుకుంటే, ఇరుసుకి అర టన్ను. మన లారీకి వెనక ఇరుసు మీద చట్టప్రకారమే 11.5 టన్నులు ఉండొచ్చు. అది 23 రెట్లు. రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1958-60లో అమెరికాలో చేసిన పరీక్షల్లో తేలింది. ఇరవైమూడుని నాలుగుసార్లు హెచ్చవేస్తే దాదాపు 2,80,000. ఒక్క లారీ ఇరుసు పోతే అన్ని బండి ఇరుసులు పోయినట్టు. ఆ సూత్రం తారురోడ్డు, గాలి టైర్లకి కట్టింది, ఇనుప పట్టా చక్రం రాయిని వేరేలా అరగదీస్తుంది గనక ఇది ఉజ్జాయింపే. అయినా అప్పియా బండల మీద ఇసుక లారీలు తిప్పితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మీ రోడ్డు దేనివల్ల పోతోందో తెలియాలంటే వాన వెలిసిన మర్నాడు వెళ్లి చూడండి. చక్రాలు పోయే చోట రోడ్డు గాడిలా కుంగి, గాడి పక్కన ఉబ్బి ఉంటే కింద మట్టి నానింది. పగుళ్లలోంచి సన్నటి బురద పైకి వచ్చి ఎండిన మరకలున్నా అదే జబ్బు. గాడి లేకుండా అక్కడక్కడ పెచ్చులూడి గుంటలు మాత్రమే ఉంటే పై తారు నాసిరకం. అంచులు విరిగిపోతుంటే పక్క మట్టి రోడ్డుకన్నా ఎత్తుగా ఉందేమో చూడండి. గడ్డి పెరిగి, చెత్త పడి, మట్టి పేరుకుని నీళ్లు కాలువలోకి వెళ్లలేక రోడ్డు మీదే ఆగుతాయి. చాలా ఊళ్లలో పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసుకుంటూ పోతారు. ఇళ్లు గుంటలో పడతాయి, జనం గడప ముందు మట్టి పోస్తారు, పక్క కాలువ ఆ మట్టి కింద పూడిపోతుంది. మీ వీధిలో కాలువ మీద ఎన్ని ర్యాంపులు కట్టారో, వాటి కింద తూము ఉందో లేదో లెక్కపెట్టి చూడండి. కాంట్రాక్టర్ని తిట్టడం ఆ తర్వాత.