రేటు తగ్గించే ముందు రిపోర్టు చూడండి

"సార్, శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకి ఆన్‌లైన్ టెస్టులు నడుపుతున్నాను. నెలకి 199 రూపాయలు, 28వ తేదీన యూపీఐ ఆటోపేలో కట్ అవుతుంది. పోయిన నెల 400 మందిలో 36 మంది పోయారు. యాప్‌లో క్యాన్సిల్ నొక్కింది 10 మందే. ఫీజు 149 చేసేద్దామా?"

తొందరపడకండి. మిగిలిన 364 మందికీ 50 రూపాయలు తగ్గిస్తే నెలకి 18,200 పోతుంది. ఫీజు ఎక్కువని మానేసినవాళ్లు ఎందరో ముందు తేలాలి.

తానుగా మానేస్తే వాలంటరీ చర్న్. ఉండాలనే ఉన్నా డబ్బు కట్ కాక ఆగిపోతే ఇన్వాలంటరీ చర్న్. డబ్బు కట్ కాని మిగతా 26 మందినీ రెండో రకంలో వేసేయకండి. మీరు పంపిన పేమెంట్ రిపోర్టులో ఫెయిల్ అయిన కారణం పక్కనే ఉంది. 6 మందికి 'మాండేట్ రద్దు' అని వచ్చింది. డబ్బు కట్ అయ్యే ముందురోజు మెసేజ్ వస్తుంది కదా, అది చూసి తమ యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే తీసేశారన్నమాట. మీ యాప్‌లో క్యాన్సిల్ నొక్కకపోయినా వాళ్లు మానేసినవాళ్లే. అంటే వాలంటరీ 16, ఇన్వాలంటరీ 20. రెండింటినీ నెల మొదట్లో ఉన్న 400తోనే భాగించండి: 4 శాతం, 5 శాతం. మధ్యలో చేరినవాళ్లని కలిపితే లెక్క చెడుతుంది.

ఇన్వాలంటరీకి ఇంకో కొలత కావాలి. 28న ఫెయిల్ అయినవి మొత్తం 50. రద్దు చేసిన 6 తీసేస్తే 44. మళ్లీ ప్రయత్నిస్తే 7వ తేదీకల్లా 24 మంది దగ్గర వసూలైంది, అంటే సగానికి కాస్త పైన. నెలాఖరుకే లెక్క మూసేస్తే ఈ 24 మందిలో అప్పటికి వసూలు కానివాళ్లు పోయినట్టు, తర్వాత కొత్తగా చేరినట్టు కనబడతారు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. అందుకే 28 బ్యాచ్ లెక్క 7న మూయండి.

పోయిన ఆ 20 మందిలో దాదాపు అందరికీ కారణం 'బ్యాలెన్స్ లేదు'. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న ఒకటో తారీఖు దాటాక డబ్బు వేస్తే, పిల్లాడి ఖాతాలో 28న 199 ఎక్కడుంటుంది? అలాంటివాళ్లకి ఫీజు తగ్గించి లాభం లేదు, తేదీ మార్చాలి. అయితే నెల రోజులుగా మీ యాప్ తెరవనివాళ్లు ఈ 20 మందిలో ఉంటే పక్కన గుర్తు పెట్టుకోండి. వాళ్లు మనసులో ఎప్పుడో మానేసి ఉంటారు, ఎన్నిసార్లు ప్రయత్నించినా రారు.

కొత్తగా చేరేవాళ్లకి 5వ తేదీ పెట్టండి. పాతవాళ్ల తేదీ మార్చాలంటే వాళ్లు మళ్లీ పిన్ కొట్టి ఒప్పుకోవాలి. ఆ వంకతో కొందరు జారిపోతారు కాబట్టి, ఒకసారైనా ఫెయిల్ అయినవాళ్లనే అడగండి. తానుగా మానేసిన 16 మందికి మాత్రం ఫోన్ చేయండి. ఎక్కువమంది ఫీజు భారమంటే 149 సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.