మురుగు కాలువ అర్జీ గురించి శ్రీధర్‌కు

చిరంజీవి శ్రీధర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వడానికి నువ్వు రాసిన అర్జీ, ఫొటోలు చూశాను. ఫొటోలన్నీ పొంగిన మురుగునూ చెత్తకుప్పనూ చూపుతున్నాయి గాని, కాలువ ఎక్కడ పూడిందో ఒక్కటీ చెప్పడం లేదు. నీరు పొంగే చోటు, అడ్డుపడిన చోటు సాధారణంగా ఒకటి కావు. కాలువ వెంట పల్లం వైపు నడుస్తూ, నీరు ఎక్కడి దాకా నిండుగా నిలిచి ఉందో, ఎక్కడి నుంచి అడుగు కనిపిస్తోందో గమనించు. ఆ రెండింటి నడుమ ఉన్న పలక కిందో, ఎవరి గేటు ముందరి ర్యాంపు కిందో అడ్డు ఉంటుంది. దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఫొటో తీసి, రెండింటిలోనూ కరెంటు స్తంభం నంబరు గాని ఇంటి నంబరు గాని కనబడేలా చూడు. అది లేకపోతే పనివాళ్లు పైకి కనిపించే చోట నాలుగు పారలు తోడి వెళ్లిపోతారు, వారం తిరగకుండా మురుగు మళ్లీ పొంగుతుంది.

చెత్త సంగతి వేరు. ఉదయం తీసిన ఫొటో చూపిస్తే, బండి ఇంకా రాలేదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుచేత బండి వచ్చి వెళ్లే వేళ దాటాక, ఒకే చోట నిలబడి, వరుసగా కొన్ని రోజులు తియ్యి. తేదీ, సమయం, స్థలం ఫొటో మీదే ముద్రించే మ్యాప్ కెమెరా యాప్ వాడటం మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం వివరాలు నిలవవు కనుక అసలు ఫొటోలను ఫోన్‌లోనే ఉంచుకో.

రెండు సమస్యలనూ ఒకే అర్జీలో కలపవద్దు. చెత్త ఎత్తించి, అర్జీ మొత్తం పరిష్కారమైనట్టు రాసేయడం కార్యాలయాల్లో అరుదేమీ కాదు. చెత్త అర్జీలో రోజూ బండి రావాలని మాత్రమే అడుగు. కాలువ అర్జీలో, ఫలానా స్తంభం వద్ద పలక ఎత్తి పూడిక తీయాలనీ, తీసిన పూడికను గట్టున వదలకుండా తరలించాలనీ రాయి, ఎందుకంటే గట్టున వదిలినది మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది. పలక విరిగి లోపలికి కుంగి ఉంటే అది పారిశుద్ధ్య విభాగం వల్ల అయ్యే పని కాదు, ఇంజినీరింగ్ విభాగానికీ ఒక ప్రతి ఇవ్వాలి.

అర్జీలు ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నీ ప్రతుల మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకో. ఎంత పరిచయస్థుడైనా నోటిమాట మీద వదిలిరాకు. కదలిక లేకపోతే ఆ ప్రతులను, అదే చోట తీసిన కొత్త ఫొటోలను జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వు. అప్పటికీ జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, నీ ఇన్‌వర్డ్ నంబరు పేర్కొని, దానిపై ఎవరు ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో అడుగు. దానికి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

కాలువ ఎగువ, దిగువ ఫొటోలు తీయగానే నాకు పంపు. అర్జీలో స్థలం వివరం ఎలా రాయాలో చూసి చెబుతాను.

మీ పెదనాన్న